గోళీ దొర్లుతుంటే ఎనర్జీలో పరుగు వాటా ఎంత, తిరుగుడు వాటా ఎంత: ఇంట్లోనే కొలిచి చూసేదెలా

దసరా సెలవులకి మా మేనల్లుడు గుంటూరు నుంచి విజయవాడ మా ఇంటికొచ్చాడు, ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ. రొటేషనల్ మోషన్ చాప్టర్‌లో సాలిడ్ స్ఫియర్‌కి 2/5, డిస్క్‌కి 1/2, రింగ్‌కి 1 అని గడగడా చెప్పేస్తున్నాడు. సరే, ఒక గోళీ బల్ల మీంచి దొర్లుకుంటూ కిందకొచ్చింది, దాని ఎనర్జీ రూపాయి అనుకుంటే ముందుకు పరిగెత్తడానికి ఎన్ని పైసలు పోయినయ్యి, గిరగిరా తిరగడానికి ఎన్ని పోయినయ్యి అనడిగితే మాత్రం ఆగిపోయాడు. ఫార్ములా వచ్చు, ఆ నంబర్ దేన్ని చెప్తుందో తెలీదు. అందుకని ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని ఒక ప్లైవుడ్ చెక్క, నాలుగు వస్తువులు, ఒక ఫోన్ పెట్టుకుని కొలిచేశాం. మీరూ అలాగే చేసుకోవచ్చు, ఎలాగో మొదటినుంచీ చెప్తాను.

ముందు కాగితం మీద: ఏ షేప్‌కి ఎంత వాటా

దొర్లే వస్తువు ఒకేసారి రెండు పనులు చేస్తుంది, దాని సెంటర్ `v` స్పీడ్‌తో ముందుకెళ్తుంది, అదే టైంలో ఆ సెంటర్ చుట్టూ తను తిరుగుతుంది. జారకుండా దొర్లితే అంచు మీద ఉన్న ప్రతి పాయింటూ సెంటర్ చుట్టూ తిరిగే స్పీడ్ కూడా సరిగ్గా `v` యే. ఇది పట్టుకుంటే మిగతాదంతా దానంతటదే వచ్చేస్తుంది.

రింగ్ తీసుకోండి, గాజు లాంటిది. దాని బరువంతా అంచులోనే ఉంది, అంటే దాంట్లో ఉన్న ప్రతి ముక్కా సెంటర్ చుట్టూ `v` స్పీడ్‌తోనే తిరుగుతుంది, కాబట్టి తిరుగుడు ఎనర్జీ కూడా `½mv²`, పరుగు ఎనర్జీ కూడా `½mv²`. సగం సగం, యాభై పైసలు యాభై పైసలు. ఏ ఇంటిగ్రేషనూ అక్కర్లేదు దీనికి.

ఇప్పుడు గోళీ చూడండి. దాంట్లో బరువు లోపలిదాకా నిండి ఉంది, సెంటర్ దగ్గరున్న గాజు దాదాపు తిరగనట్టే లెక్క, ఇరుసుకి దూరంగా ఉన్నది మాత్రమే జోరుగా తిరుగుతుంది. అందుకే తిరుగుడుకి తక్కువ పోతుంది. ఎంత తక్కువో చెప్పేదే ఆ 2/5 అన్న నంబర్. మొమెంట్ ఆఫ్ ఇనర్షియాని `I = k·mR²` అని రాసుకుంటే పరుగు, తిరుగుడు ఎప్పుడూ `1 : k` నిష్పత్తిలో పంచుకుంటాయి. అంతకు మించి ఏం లేదు. మొత్తం `1 + k` వాటాలు, అందులో ఒక వాటా పరుగుకి, `k` వాటాలు తిరుగుడుకి.

- రింగ్, పల్చటి గొట్టం: k = 1, పరుగు 50 పైసలు, తిరుగుడు 50
- లోపల ఖాళీ ఉన్న పల్చటి బంతి: k = 2/3, పరుగు 60, తిరుగుడు 40
- డిస్క్, గట్టి సిలిండర్: k = 1/2, పరుగు 67, తిరుగుడు 33
- గట్టి గోళం, అంటే గోళీ: k = 2/5, పరుగు 71, తిరుగుడు 29

ఇందులో బరువు ఎక్కడా లేదు, సైజు కూడా లేదు చూశారా. చిన్న గోళీకి, పెద్ద గోళీకి, ఇనప గుండుకి కూడా 71, 29 యే. మావాడు ఇది నమ్మలేదు, "పెద్దది బరువెక్కువ కదా మావయ్యా, ముందు రావాలి కదా" అన్నాడు. రెండు గోళీలు పక్కపక్కన వదిలితే రెండూ కలిసే దిగినయ్యి, అప్పుడు ఒప్పుకున్నాడు.

పరీక్షల్లో ఎక్కువమంది చేసే ఒక తప్పు ఇక్కడే చెప్పేస్తా. కొంతమంది నేలని తాకే పాయింట్ దగ్గర `I` తీసుకుంటారు, గట్టి గోళానికి అది `7/5 mR²`. అది తీసుకుంటే `½Iω²` అనేదే మొత్తం ఎనర్జీ, `7/10 mv²` అన్నమాట, అందులో పరుగు కూడా కలిసే ఉంది. దానికి మళ్ళీ `½mv²` కలిపితే పరుగుని రెండుసార్లు లెక్కేసినట్టు, `12/10` వస్తుంది, తప్పు. సెంటర్ దగ్గర `I` తీసుకుంటే `½mv²` కలపాలి, తాకే పాయింట్ దగ్గర తీసుకుంటే కలపకూడదు.

చెక్క పెట్టుకోవడం

నాలుగడుగుల ప్లైవుడ్ ముక్క ఏ కార్పెంటర్ షాపులోనైనా దొరుకుతుంది, పైన నున్నగా ఉండి మధ్యలో వంగకుండా ఉండేది చూస్కోండి, పల్చటిదైతే మధ్యలో కిందకి వంగి లెక్కంతా పోతుంది. ఒక చివర కింద రెండుమూడు పుస్తకాలు పెట్టండి. చెక్క మీద పైనొక గీత, కిందొక గీత, రెంటికీ మధ్య చెక్క వెంబడి సరిగ్గా 100 సెంటీమీటర్లు ఉండాలి, ఈ దూరం `L`. ఇప్పుడు పై గీత దగ్గర నేల నుంచి చెక్క ఎత్తు కొలవండి, కింది గీత దగ్గర కూడా కొలవండి, రెండో దాన్ని మొదటిదాంట్లోంచి తీసేయండి. ఆ తేడాయే `h`, అది 10 సెంటీమీటర్లు వచ్చేదాకా పుస్తకాలు సర్దండి. పుస్తకాల ఎత్తునే `h` అని రాసేసుకుంటే మాత్రం తప్పొస్తుంది, ఎందుకంటే చెక్క నాలుగడుగులు, మనం వాడేది మీటరే. ఇంకొకటి, మన ఇళ్ళల్లో నేలంతా బాత్రూం వైపుకో వాకిలి వైపుకో వాలుగా పోసి ఉంటుంది, గచ్చు కడిగిన నీళ్ళు పోవడానికి, అందుకని కొలత బల్ల మీదో, లెవెల్ చూసుకున్న చోటో చేయండి. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చెక్క అడ్డంగా కూడా సమంగా ఉందో లేదో చూడండి, లేకపోతే గోళీ పక్కకి పోయి కింద పడుతుంది. ఒక మూల కింద కాగితం మడత పెడితే సరిపోతుంది.

టైం కొలవడం, వాటా తీయడం

వస్తువుని పై గీత దగ్గర పెట్టి ముందు ఒక స్కేల్ అడ్డం పెట్టండి. స్కేల్‌ని ముందుకి, అంటే దిగే వైపుకి, చటుక్కున లాగేయండి. చేత్తో వదిలితే తెలీకుండానే కొంచెం తోస్తాం, ఆ తోపుడే సగం తప్పులకి కారణం.

స్టాప్‌వాచ్ చేత్తో నొక్కితే ఇక్కడ పనికిరాదు. లెక్కలో టైం స్క్వేర్ వస్తుంది కాబట్టి 0.1 సెకను ఆలస్యంగా నొక్కినా గోళీకి 71 రావాల్సింది 64 వస్తుంది, అది చూసి గోళీని బోలు బంతి అనుకునే ప్రమాదం ఉంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్కనుంచి వీడియో తీయండి, రెండు గీతలూ ఫ్రేమ్‌లో ఉండాలి, స్కేల్ కదిలిన ఫ్రేమ్ నుంచి కింది గీత దాటిన ఫ్రేమ్ దాకా ఎన్ని ఫ్రేములో లెక్కపెట్టి సెకన్లలోకి మార్చుకోండి. ఒక్కో వస్తువుకీ ఐదుసార్లు చేసి సగటు తీయండి.

తర్వాత లెక్క చాలా చిన్నది. నిశ్చలంగా మొదలై ఒకే యాక్సెలరేషన్‌తో దిగిన వస్తువుకి చివరి స్పీడ్ సగటు స్పీడ్‌కి రెట్టింపు, `v = 2L/t`. పరుగు ఎనర్జీ `½mv²`, మొత్తం దిగిన ఎనర్జీ `mgh`. మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే బరువు కొట్టేసుకుపోతుంది, మిగిలేది ఇదీ:

`పరుగు వాటా = 2L² / (g·h·t²)`

మన చెక్కకి L = 1 మీటరు, h = 0.1 మీటరు, g = 9.8 పెడితే అది `2.04 / t²` అవుతుంది. ఒక్క టైం తెలిస్తే చాలు.

గోళీ వదిలి చూడండి, 1.69 సెకన్లు దగ్గర రావాలి. దాని స్క్వేర్ 2.86, 2.04ని దాంతో భాగిస్తే 0.71. కాగితం మీద వచ్చిన 5/7 అదే. మిగతా 0.29 తిరుగుడుకి పోయింది. తిరుగుడుని మనం నేరుగా కొలవలేదు, మొత్తంలోంచి పరుగు తీసేశాం అంతే, ఈ సంగతి మాత్రం గుర్తుంచుకోండి, ఎందుకో కింద తెలుస్తుంది.

గట్టి సిలిండర్ కోసం చాలామంది క్యారమ్స్ స్ట్రైకర్ నిలబెట్టి వదులుతారు, అది సగం దూరం పోకుండానే పక్కకి పడిపోతుంది, దానికన్నా పాత టార్చ్‌లైట్‌లో వేసే లావు సెల్ మంచిది. లోపల అంతా ఒకే పదార్థం కాదు కాబట్టి సరిగ్గా 67 రాకపోవచ్చు కానీ దగ్గర్లో వస్తుంది, టైం 1.75 దగ్గర. రింగ్ కోసం ప్లంబర్ దగ్గర మిగిలిన పీవీసీ పైపు ముక్క తీసుకోండి. ఒక్క గాజు అయితే ఊగుతూ పోతుంది, పైపు ముక్క తిన్నగా దొర్లుతుంది.

పైపు దగ్గర ఒక మెలిక ఉంది. పుస్తకంలో రింగ్‌కి 50, టైం 2.02 సెకన్లు. పైపుకి అంత రాదు. మా దగ్గరున్న ముక్క బయట వ్యాసం 50 మిల్లీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లు. అంటే బరువంతా అంచులోనే లేదు, కొంత 22 మిల్లీమీటర్ల దాకా లోపలికి ఉంది. మందం ఉన్న గొట్టానికి `k = ½(1 + r²/R²)`, ఇక్కడ r లోపలి రేడియస్, R బయటిది. 22, 25 పెడితే k = 0.89, పరుగు వాటా 53, టైం 1.96. మావాడు 53 వచ్చేసరికి కొలత తప్పింది అనుకుని మళ్ళీ మళ్ళీ చేశాడు, కొలత కరెక్టే, పైపుని పల్చటి రింగ్ అనుకోవడమే తప్పు.

మాకు తప్పిన చోటు: కాలవలో గోళీ

అసలు ఇదంతా రాయడానికి కారణం ఇది. మొదట్లో గోళీ పక్కకి పోతుందని విసుగొచ్చి నేనే ఒక ఐడియా వేశాను, చెక్క బదులు అల్యూమినియం యాంగిల్ తెచ్చి వి ఆకారంలో కాలవలాగా పెట్టి అందులో వదిలాం. అబ్బో ఎంత తిన్నగా పోయిందో. కానీ టైం 1.92 వచ్చింది. లెక్కేస్తే పరుగు వాటా 55, 56. ఐదుసార్లు చేసినా అదే. గోళీ ఏమో గట్టిదే, 71 ఎందుకు రాలేదు? రాపిడి తినేసిందేమో అన్నాడు వాడు, నేనూ కాసేపు అదే అనుకున్నాను.

రాపిడి కాదు. చదును చెక్క మీద గోళీ అడుగు పాయింట్ మీద దొర్లుతుంది, అంటే దొర్లే చక్రం రేడియస్ గోళీ రేడియస్ `R` అంతా. కాలవలో గోళీ అడుగు గాల్లో ఉంటుంది, రెండు పక్కల గోడలకి ఆనుకుని ఉంటుంది. కాలవ కోణం 90 డిగ్రీలైతే ఆ ఆనుకున్న పాయింట్లు తిరిగే ఇరుసు నుంచి `0.7R` దూరంలోనే ఉంటాయి. అంటే గోళీ ఇప్పుడు చిన్న చక్రం మీద దొర్లుతున్నట్టు, అదే దూరం పోవాలంటే ఎక్కువ చుట్లు తిరగాలి. ఎన్ని రెట్లంటే 1.41. ఎనర్జీలో అది స్క్వేర్ అవుతుంది కాబట్టి `k` సరిగ్గా రెట్టింపు, 0.4 ఉన్నది 0.8 అవుతుంది. ఇప్పుడు పంపకం `1 : 0.8`, పరుగుకి 56, తిరుగుడుకి 44. టైం 1.92. మాకొచ్చింది అదే!

అప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, నిజంగా. అదే గోళీ, అదే ఎత్తు, షేప్ ఏమీ మారలేదు, కానీ ఏ పాయింట్ల మీద దొర్లుతుందో మారేసరికి పంపకం మారిపోయింది. కాబట్టి పట్టికలో ఉన్న 71, 29 గోళీ సొంత ఆస్తి కాదు, చదును మీద దొర్లే గోళీ సంగతి అది. అల్మారా పట్టాల్లోనో, వైరింగ్ కేసింగ్‌లోనో గోళీ వేసి ఈ ప్రయోగం చేసేవాళ్ళు చాలామంది ఉంటారు, మీకు 71 బదులు అంతకన్నా బాగా తక్కువ వచ్చి, ఎన్నిసార్లు చేసినా అదే వస్తుంటే ముందు గోళీ ఎక్కడ ఆనుతుందో వంగి చూడండి. కాలవ సందు మీద వదిలిన గోళీకి, అంటే రెండు అంచుల మీద ఆనిన దానికి, గోళీ మధ్యనుంచి ఆ ఆనిన రెండు పాయింట్లనీ కలిపే గీతదాకా దూరం `d` అనుకుంటే `k = 0.4·R²/d²` పెట్టుకోండి, సరిపోతుంది.

ఎనర్జీ వేరే చోటికి పోతుందేమో చూడటం

ఇందాక చెప్పాను కదా తిరుగుడుని మనం తీసివేతతో తెచ్చాం అని, అది ఎనర్జీ ఇంకెక్కడికీ పోనప్పుడే నిజం. రెండు చోట్ల పోతుంది.

మొదటిది జారడం. మన చెక్క వాలు చాలా తక్కువ కాబట్టి భయం లేదు, కానీ చెక్కని 45 డిగ్రీలు నిలబెడితే పల్చటి గొట్టం జారకుండా దొర్లాలంటే రాపిడి గుణకం కనీసం 0.5 ఉండాలి, నున్నటి ప్లాస్టిక్ పైపుకి నున్నటి చెక్క మీద అంత ఉండకపోవచ్చు. గట్టి గోళానికి ఆ వాలులో 0.29 చాలు. అంటే జారేటప్పుడు ముందు జారేది పైపే. జారిందో లేదో తెలుసుకోవడానికి పైపు చివర మార్కర్‌తో ఒక గీత పెట్టండి. మా 50 మిల్లీమీటర్ల పైపు ఒక చుట్టుకి 15.7 సెంటీమీటర్లు పోవాలి, మీటరుకి ఆరు చుట్లు దాటి ఇంకో మూడో వంతు. వీడియోలో చుట్లు లెక్కపెట్టండి, ఐదే వచ్చిందంటే జారింది. అప్పుడు మన ఫార్ములా పరుగు వాటాని ఎక్కువ చూపిస్తుంది, మిగతాదంతా తిరుగుడులో ఉండదు, కొంత వేడిగా పోయింది. జారనప్పుడు మాత్రం రాపిడి ఎనర్జీ తినదు, ఎందుకంటే తాకిన పాయింట్ ఆ క్షణంలో కదలట్లేదు. రాపిడి చేసేదల్లా పరుగులోంచి కొంత తీసి తిరుగుడులోకి వేయడం. రాపిడే లేకపోతే గోళీ తిరక్కుండా జారిపోతుంది, రూపాయీ పరుగుకే.

రెండోది గాలి. బోలు బంతి కోసం టేబుల్ టెన్నిస్ బంతి వాడాం, అది 2.7 గ్రాములే. 60 రావాల్సింది అంతకన్నా తక్కువే వచ్చింది, టైం కూడా 1.84 కన్నా ఎక్కువ. కింది గీత దగ్గరకొచ్చేసరికి గాలి వెనక్కి నెట్టే బలం దాన్ని కిందకి లాగే బలంలో ఆరో వంతు దాకా ఉంటుంది, అంత తేలికైన బంతికి అది చిన్నదేం కాదు. ఆ లోటుని తిరుగుడు ఖాతాలో వేస్తే తప్పు. గోళీకి ఇదే గాలి లెక్కలోకి రాదు.

ఒకే సీసా, మూడు రకాల పంపకం

టైముంటే ఇది కూడా చేయండి, మావాడికి అన్నిటికన్నా నచ్చింది ఇదే. గోడలు తిన్నగా ఉండే చిన్న ప్లాస్టిక్ సీసా తీసుకుని గాలి బుడగ లేకుండా నీళ్ళు నింపి మూత బిగించి వదలండి. గోళీ కన్నా ముందొచ్చేస్తుంది! సీసా తిరుగుతుంది కానీ లోపలి నీళ్ళు దాంతోపాటు తిరగవు, ఉన్న ఒకటిన్నర సెకన్లలో గోడ పక్కనున్న పల్చటి పొర మాత్రమే తిరుగుడు అందుకుంటుంది, మిగతా నీళ్ళు ఊరికే ముందుకు పోతాయి. తిరుగుడు ఖాతాలో ఉన్నది పల్చటి ప్లాస్టిక్కు, ఆ కాస్త పొర, అంతే.

తర్వాత నీళ్ళు పారబోసి ఆరబెట్టి అదే సీసాలో కొబ్బరి నూనె నింపండి. నూనె నీళ్ళకన్నా చిక్కన, గోడతోపాటు ఎక్కువ నూనె తిరుగుతుంది, కాబట్టి నీళ్ళ సీసా కన్నా ఆలస్యంగా వస్తుంది. ఇప్పుడు దాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, మన విజయవాడ ఎండకి బయట గడ్డకట్టదు కదా. పూర్తిగా తెల్లగా గడ్డకట్టాక పైన తడి తుడిచి వెంటనే వదలండి. అదే సీసా, అదే నూనె, అదే బరువు, ఇప్పుడది గట్టి సిలిండర్. నూనె మొత్తం తిరగాల్సిందే, తిరుగుడుకి 33 పైసలు ఇవ్వాల్సిందే, టైం 1.75 దగ్గరకొచ్చి ఈసారి గోళీ వెనకాలే దిగుతుంది.